మూల నక్షత్రాన్ని ముంచేసిన చార్టు

మా ఊళ్ళో ఆకాశం చూడాలంటే ముందు ఊరు వదిలి పారిపోవాలి. ఒకవైపు పోర్టు దీపాలు, ఇంకోవైపు మల్కాపురం దగ్గర రిఫైనరీ మంట, మరోవైపు మా ఉక్కు టౌన్‌షిప్ వెలుగులు. మా డాబా మీద నిలబడి తల పైకెత్తితే నీళ్ళు ఎక్కువైన టీ రంగులో ఏదో కనిపిస్తుంది. దాన్నే ఆకాశం అనుకుని సర్దుకుపోతాం. అలాంటి విశాఖపట్నంలో నక్షత్రాలు చూసేవాళ్ళకి ఒక సంఘం ఉంది. గాజువాకలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి నన్ను కూడా అందులో చేర్చుకున్నారు. ఫిజిక్స్ చెప్పేవాళ్ళకి నక్షత్రాలు తెలుస్తాయని జనం నమ్మకం. మేం చెప్పేది ఎంట్రన్సు పరీక్షల లెక్కలని, నక్షత్రాన్ని చూసే తీరిక ఉంటే ఇంకో పది లెక్కలు చేయించమంటారని వాళ్ళకేం తెలుసు.

మా సంఘానికి ప్రెసిడెంటుగారు ఒకాయన ఉన్నారు. బ్యాంకులో ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆయన దగ్గర నక్షత్రాల చార్టు ఒకటి ఉండేది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న విదేశీ సరుకు. దాన్ని పట్టుకుంటే చాలు, ఆయన గొంతు కూడా మారిపోయేది. చార్టు అంటే గోడకి తగిలించే కాగితం కాదు. ఒకదాని మీద ఒకటి రెండు ప్లాస్టిక్ పళ్ళేలు, మధ్యలో చిన్న మేకు. కింది పళ్ళెం అంచున నెలలూ తేదీలూ ఉంటాయి, పై పళ్ళెం అంచున గంటలు. పై దానికి కోడిగుడ్డు ఆకారంలో ఒక కిటికీ. ఇవాళ్టి తేదీ ఎదురుగా ఇప్పటి గంట వచ్చేలా తిప్పామంటే, కిటికీలో కనిపించేదే ఇప్పుడు మన మీదున్న ఆకాశం. కిటికీ అంచు దిగంతం, నడిమధ్య నడినెత్తి. పెద్ద చుక్కంటే బాగా వెలిగే నక్షత్రం, చిన్న చుక్కంటే మినుకుమనేది. ఏ దిక్కుకి తిరిగి నిలబడితే ఆ దిక్కు పేరు కిందికి వచ్చేలా పట్టుకోవాలి. ఇంతే విద్య. దీన్ని ప్రెసిడెంటుగారు ఒక పూట ఉపన్యాసంగా చెప్పేవారు, మధ్యలో టీ కూడా ఇచ్చేవారు.

ఇక మా అప్ప సంగతి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకన్నా పెద్దది, ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది, మా వీధిలోనే మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. పెళ్ళి కాలేదు. కాలేదు అంటే చేసుకోనంది అని కాదు. ఆవిడది మూల నక్షత్రం, అందులోనూ మొదటి పాదం. మూలలో పుట్టిన పిల్ల కోడలిగా వస్తే మామగారికి గండమని మనవాళ్ళ శాస్త్రం. ఏ శాస్త్రంలో ఉందో చూపించమంటే మాత్రం అందరూ ఎవరో ఒక తాతగారి పేరు చెబుతారు.

అప్పకి వచ్చిన సంబంధాలన్నీ నక్షత్రం అడిగేవరకూ బ్రహ్మాండంగా నడిచేవి. పిల్ల నచ్చింది, ఉద్యోగం నచ్చింది, కట్నం వద్దన్నవాళ్ళు కూడా ఉన్నారు. జాతకం చూడగానే ఇంటికెళ్ళి కబురు పంపుతామనేవారు. ఆ కబుర్లు ఇంకా దారిలోనే ఉన్నాయి. తగరపువలస నుంచి వచ్చిన ఒక సంబంధం అయితే నిశ్చితార్థం దాకా వెళ్ళింది. అబ్బాయి కూడా అప్పని ఇష్టపడ్డాడు, రెండుసార్లు ఆసుపత్రికి వచ్చి మాట్లాడి వెళ్ళాడు. ఆఖరి నిమిషంలో అబ్బాయి తండ్రికి ప్రాణభయం పట్టుకుంది. తరవాత రోహిణీ నక్షత్రపు పిల్లని కోడలిగా తెచ్చుకున్నాడు. ఆ ఏడాది తిరక్కుండానే గుండెపోటుతో పోయాడు. రోహిణిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. నాకైతే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇంకో తమాషా ఉంది. దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజంటే జనానికి ప్రాణం. ఆ రోజు అమ్మవారు సరస్వతి. పిల్లలకి పలకలు, పెన్నులు, పుస్తకాలు పూజలో పెట్టి దణ్ణం పెట్టిస్తారు, దర్శనానికి క్యూలో పడిగాపులు పడతారు. అదే నక్షత్రం గుళ్ళో ఉంటే తల్లి, ఇంట్లోకి కోడలిగా వస్తే యముడు. ఏటా ఆ రోజు అప్ప కూడా గుడికెళ్ళేది. పూజారి గోత్రం, నక్షత్రం అడిగితే, క్యూలో అందరికీ వినబడేలా "మూల" అని చెప్పేది. పక్కవాళ్ళు అయ్యో అన్నట్టు చూసేవారు. ఆవిడకి అదో సరదా.

రిటైరయ్యాక అప్పకి నీటికాసులు బయటపడింది. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు చుట్టుపక్కల నుంచి చెరిగిపోతూ వచ్చే జబ్బు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి మాత్రం ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కాస్త మేర కనిపిస్తుంది. ఉన్నదాన్ని కాపాడుకోవడమే తప్ప పోయింది రాదని డాక్టరు చెప్పాడు, ఉన్నది ఎన్నాళ్ళో చెప్పలేదు. నర్సుగా చేసిన మనిషి కాబట్టి ఆ చెప్పనిది కూడా ఆవిడకి అర్థమైంది.

ఆ సాయంత్రం మా వంటింట్లో కాఫీ తాగుతూ, కూర ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"నువ్వు నచ్చత్రాల సంఘంలో ఉన్నావు కదే. నా నచ్చత్రం ఏదో ఓసారి సూపిత్తావేటి?"

"మూలా?"

"ఇంకేటుంది నాకు. బతుకంతా దాని పేరు సెప్పించుకుంది గాని, దాని మొకం ఎప్పుడూ సూళ్ళేదు. కన్నున్నప్పుడే సూసేత్తాను. తరవాత ఎవులు సూపించినా ఒకటే."

నేను ఏదో వెటకారం ఆడబోయి మానేశాను. అంతకన్నా చిన్న కోరిక ఆవిడ నన్నెప్పుడూ కోరలేదు. చూపిస్తానని మాటిచ్చాను.

నిజానికి మనకి పుట్టిన నక్షత్రం పేరు అందరికీ వచ్చు. గుళ్ళో అర్చనకి చెబుతాం, పెళ్ళి పత్రికకి ముందు చెబుతాం, పేరు పెట్టడానికి అక్షరం దాన్నుంచే తీస్తాం. అది ఆకాశంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే నూటికి ఒకరు కూడా చూపించలేరు. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో అదే మన నక్షత్రం. మూల అంటే వృశ్చికం తోక చివర. తేలు ఆకారం మొత్తం ఆకాశంలో ఉంటుంది, దాని గుండె దగ్గర ఎర్రటి జ్యేష్ఠ, తోక కొసన మూల.

సంఘం మీటింగులో ప్రెసిడెంటుగారికి ఈ విషయం చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే ఒక ఘనమైన ఆలోచన చేశారు. దసరాల్లో మూలా నక్షత్రం రోజునే ఆకాశ దర్శనం పెడదామన్నారు. మూల రోజున మూలని చూపిస్తే పేపర్లో కూడా వేస్తారట. ఊరి దీపాలకి దూరంగా పద్మనాభం దగ్గర వరిచేల మధ్య, మా మెంబరు ఒకాయన బంధువుల కళ్ళంలో ఏర్పాటు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, అప్పుడే ఆలోచించి ఉంటే అందరి పెట్రోలూ మిగిలేది.

మూల రోజు సాయంత్రం మా ఆయన కారు తీశారు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మనిషి. దారి పొడుగునా ఒకటే గొణుగుడు.

"నచ్చత్రం సూడ్డానికి నలభై కిలోమీటర్లు పోవాలేటి? మా ప్లాంటులో ఫర్నేసు దగ్గర నిలబడితే అంతకన్నా మంచివి కనిపిత్తాయి."

"మరిదిగారూ, మీకు కుదరకపోతే మేం బస్సులో పోదుం కదా" అంది వెనక సీట్లోంచి అప్ప.

"అలాగనకండి వదినా. మీ కోసం కాబట్టి వత్తన్నాను. ఈవిడ కోసమైతే మల్కాపురం దాకా కూడా రాను."

పద్మనాభం చేరేసరికి చీకటి పడింది. జనం బాగానే వచ్చారు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు, పులిహోర డబ్బాలు తెచ్చారు, చేలల్లో దోమలు సరేసరి. సగంమంది ఫోన్లు పైకెత్తి ఆప్‌లో వెతుకుతున్నారు, సిగ్నలు లేక అది తిరుగుతూనే ఉంది. ఫోను వెలుగు కంట్లో పడితే ఆ కన్ను మళ్ళీ చీకటికి అలవాటు పడాలంటే చాలాసేపు పడుతుందని నేను చెప్పాను. అందరూ బుద్ధిగా విని, ఫోను టార్చి వేసి నా మొహం చూశారు.

ప్రెసిడెంటుగారు మైకు తీసుకుని చార్టు పంచారు. తనది అసలుదట, మాకు దాని జిరాక్సు అట్టముక్కలు. తిప్పడమైతే అందరూ తిప్పారు. ఆ వెంటనే గొడవ మొదలైంది. చార్టులో తూర్పు ఎడమవైపుంది. ఒక పెద్దమనిషి ఇది ప్రింటింగ్ మిస్టేకని తేల్చేసి, జేబులోంచి పెన్ను తీసి తూర్పు కొట్టేసి పడమర అని రాసుకున్నాడు. నేల పటాన్ని మనం వంగి కిందికి చూస్తాం, నక్షత్ర పటాన్ని తలెత్తి పైకి చూస్తాం, అందుకే తూర్పూ పడమరా తారుమారవుతాయని, చార్టుని నెత్తిమీద బోర్లించి పట్టుకుంటే దిక్కులు వాటంతటవే కుదురుతాయని చెప్పాను. ఆయన నెత్తిమీద పట్టుకుని, పెన్నుతో దిద్దిన పడమర ఉదయించే వైపు ఉండటం చూసి, సూర్యుడి మీదే అనుమానపడ్డాడు.

"ఇప్పుడు నైరుతి వైపు చూడండి" అన్నారు ప్రెసిడెంటుగారు. అందరం తిరిగాం. నైరుతిలో మాకు కనిపించింది విశాఖపట్నం. పద్మనాభం ఊరికి ఉత్తరాన ఉంది. అక్కడ నిలబడి దక్షిణానికీ నైరుతికీ చూస్తే ఊరి వెలుగులన్నీ కలిసి ఆకాశం అడుగు భాగాన పొగమంటలా కనిపిస్తాయి. దీపాలకి దూరంగా పోయాం అనుకున్నాం గాని, చూడాల్సిన దిక్కులోనే దీపాలని పెట్టుకుని కూర్చున్నాం. పైగా సప్తమి చంద్రుడు, అరముక్క అయితేనేం, ఆ వైపే నిలబడి వెలుగుతున్నాడు.

ప్రెసిడెంటుగారు చార్టు చూశారు, ఆకాశం చూశారు, మళ్ళీ చార్టు చూశారు. ఆ పలచటి వెలుగులో ఎర్రటి చుక్క ఒకటి స్పష్టంగానే ఉంది. చార్టు కిటికీలో ఆ చోట ఏమీ లేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"చార్టులో నక్షత్రాలే ఉంటాయి, గ్రహాలు ఉండవు. గ్రహాలు చోటు మారుతుంటాయి కాబట్టి అచ్చు వెయ్యరు. చార్టులో లేని పెద్ద వెలుగు ఆకాశంలో కనబడిందంటే అది గ్రహం. ఆ ఎర్రది కుజుడు."

అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఫోటోల్లో నలుపు తప్ప ఏమీ పడలేదు.

"మరి మూలండీ?" అని నేనే అడిగాను.

"సారీ అమ్మా. చార్టు ప్రకారం వృశ్చికం మొత్తం ఇప్పటికే అస్తమించింది." చార్టుని అప్ప ముందు పెట్టి, కిటికీ అంచుకి వేలు ఆనించారు. "తోక సంగతి అయితే, ఏ నెలలో తిప్పి చూసినా అంచు దాకా వచ్చి ఆగిపోతోంది. మూల మన వైపు నుంచి కనబడే నక్షత్రం కాదన్నమాట."

మైకు ఆన్‌లోనే ఉంది. అప్ప మామూలుగానే అడిగినా కళ్ళమంతా వినబడింది.

"కనబడదాండీ? మరి కనబడకుండానే మా ఊరొచ్చి నా పెళ్ళి ఎలాగ సెడగొట్టిందండీ?"

ఒకావిడ పులిహోర పెట్టబోయి ఆగిపోయింది. ప్రెసిడెంటుగారు మైకు ఆపేసి, తూర్పున శనిగ్రహం ఉందని, అది చాలా బాగుంటుందని, కావాలంటే అది చూడొచ్చని చెప్పారు. మూలతో వచ్చిన మనిషికి కుజుణ్ణి అంటగట్టి, పోతూ పోతూ శనిని కూడా చేతిలో పెట్టారు.

తిరుగు దారిలో మా ఆయన గొణుగుడు కూడా మానేశారు. ఆవిడ అడిగిన ఒక్క పనిని నలుగురిలో నవ్వులపాలు చేశాను. కారు అద్దంలోంచి చంద్రుడు మాతోనే వస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగా తట్టింది. ఇవాళ మూలా నక్షత్రం అంటే ఏమిటి? చంద్రుడు ఇవాళ మూల దగ్గర ఉన్నాడని. చంద్రుడు ఇంకా అంత ఎత్తున ఉంటే, మూల ఎలా మునిగిపోతుంది? సరిగ్గా పక్కనే ఉండకపోవచ్చు, కాస్త కిందికి ఉండొచ్చు, కానీ చంద్రుణ్ణి వదిలేసి అస్తమించి ఇంటికైతే పోదు. ఊళ్ళో ప్రతి గుళ్ళోనూ మైకులో మూల మూల అని అరుస్తూనే ఉన్నారు, మా సంఘం మొత్తం చంద్రుణ్ణి ఎదురుగా పెట్టుకుని మూల లేదని తీర్మానం చేసొచ్చాం.

ఇంటికి రాగానే ఆ చార్టు జిరాక్సు బల్ల మీద పరిచాను. తప్పు ఎక్కడుందో ధ్రువనక్షత్రం చెప్పింది. ధ్రువుడు దిగంతం మీద ఎంత ఎత్తున ఉంటాడన్నది మనం భూమధ్యరేఖకి ఎంత దూరంలో ఉన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. మన విశాఖపట్నం పద్దెనిమిది డిగ్రీల దగ్గర, కాబట్టి మనకి ధ్రువుడు ఉత్తరాన అంతే ఎత్తున, కిందికే ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పిడికిలి మందం సుమారు పది డిగ్రీలు. అంటే దిగంతం నుంచి రెండు పిడికిళ్ళ ఎత్తు కూడా లేడు. ఈ చార్టులో ధ్రువుడు ఉత్తరపు అంచుకి చాలా ఎగువన, నడినెత్తికి సగం దారి దాటి కూర్చున్నాడు. అది యాభై డిగ్రీల దగ్గరుండే చలిదేశాల ఆకాశం. అసలు చార్టు వెనక వైపు చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి కూడా ఉందని తరవాత తెలిసింది. జిరాక్సు తీసినవాళ్ళు ముందువైపే తీశారు. ధ్రువుడు అంత పైకెక్కాడంటే దక్షిణం వైపు అంత మేర కిందికి పోతుంది. ఆ దేశాల వాళ్ళకి తేలు తోక నిజంగానే సరిగ్గా కనబడదు. వాళ్ళ కోసం అచ్చు వేసిన చార్టు అది, దాని తప్పేం లేదు. దాన్ని పట్టుకొచ్చి పద్మనాభం చేలల్లో నిలబెట్టి మన ఆకాశాన్ని దానికి ఒప్పచెప్పిన మేధస్సు మాది. పంచాంగం తీసి చూశాను. కుజుడు ఆ నెలలో అర్ధరాత్రి దాటితే గాని ఉదయించడు. మేం ఫోటోలు తీసుకున్న ఎర్ర చుక్క జ్యేష్ఠ, అంటే తేలు గుండె. తోక దానికి ఎడమవైపునే ఉంది.

మర్నాడు పొద్దున్నే అప్ప ఇంటికెళ్ళి చెప్పాను. తప్పు చార్టుదే గాని నక్షత్రానిది కాదన్నాను. ఆవిడ పూలు కడుతూ విన్నది.

"అయితే కనిపిత్తాదా?"

"కనిపిస్తుంది. కానీ తొందరపడాలి. రోజూ కాస్త కాస్త ముందుగా అస్తమిస్తుంది. కార్తీకం వెళ్ళేసరికి సూర్యుడితోనే దిగిపోతుంది. మళ్ళీ సాయంత్రాలు చూడాలంటే వేసవి చివరిదాకా ఆగాలి."

"యేసవికి నాకు కన్నుంటాదో లేదో." అది బెదిరింపు కాదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఎప్పుడు పోదుం సెప్పు."

ఈసారి అన్నీ నేనే చూసుకున్నాను. కంప్యూటర్లో మన అక్షాంశానికి చార్టు చేయించి, గాజువాకలో జిరాక్సు షాపులో పెద్దగా అచ్చు తీయించాను. చుక్కలు పెద్దవి కావాలన్నాను, అప్ప చూడాలి కదా. గడియారం సంగతి కూడా చూసుకున్నాను. మన దేశపు గంట లెక్కకట్టే రేఖ మన ఊరికి దగ్గర్లోంచే పోతుంది కాబట్టి ఇక్కడ గడియారానికీ ఆకాశానికీ తేడా రెండు మూడు నిమిషాలే. విశాఖపట్నానికి దేవుడిచ్చిన వరాల్లో ఇదొకటి, ఎవరూ వాడుకోరు. చంద్రుడి కోసం పౌర్ణమి వెళ్ళాక నాలుగైదు రోజులు ఆగితే సాయంత్రం పూట చీకటిగా ఉంటుంది. చోటు మాత్రం ఊరికి ఉత్తరాన వద్దు, దక్షిణాన కావాలి. స్టీల్ ప్లాంటు దాటి దక్షిణపు తీరానికి పోతే, ఊరు మన వీపు వెనక ఉండిపోతుంది, నైరుతి ఖాళీగా ఉంటుంది.

ఇంత చేశాక మబ్బులు పట్టాయి. బంగాళాఖాతంలో ఎక్కడో వాయుగుండమట. రోజూ సాయంత్రం అప్ప చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని మా గుమ్మంలోకి వచ్చి కూర్చునేది. నేను డాబా ఎక్కి నైరుతి చూసి దిగి వచ్చేదాన్ని. ఆవిడ లేచి వెళ్ళిపోయేది. నాలుగైదు రోజులు ఇలా అయ్యేసరికి ఆ వాయుగుండాన్ని నేను తిట్టిన తిట్లు మా ఆయన ఇంకెప్పుడూ వినలేదన్నారు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని తిట్టినవి కలుపుకుని కూడా.

ఒక రోజు గాలి మళ్ళింది. మధ్యాహ్నం కల్లా ఆకాశం కడిగేసినట్టయింది. మా ఆయన షిఫ్టు మార్చుకుని వచ్చారు, నేను అడగకుండానే.

తీరం చేరేసరికి పొద్దు దిగి కాసేపయింది. తెప్పలు ఒడ్డుకి లాగి ఉన్నాయి, వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు ఇద్దరు మమ్మల్ని చూసి, జంజాటం ఎందుకన్నట్టు వాళ్ళ పనిలో వాళ్ళుండిపోయారు. సముద్రం మీద పోర్టులోకి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు. చీకటి పూర్తిగా లేకపోయినా నైరుతి నల్లగానే ఉంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి చార్టు మీద పెట్టాను. ఎర్ర వెలుగైతే కంటికి చీకటి అలవాటు చెడదు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. మనకైతే కన్ను తిప్పితే ఆకాశమంతా ఒకేసారి కనిపిస్తుంది, ఆకారం పోల్చుకుంటాం. అప్పకి కనిపించేది గొట్టంలో పట్టినంత. తేలు మొత్తం చూపించడం కుదరదు. ఒక్కో నక్షత్రాన్నీ తెచ్చి ఆ గొట్టం ముందు పెట్టాలి.

"నైరుతికి తిరుగప్పా. ముందు చెయ్యి చాచి పిడికిలి పట్టు. సముద్రం అంచు మీద పెట్టు. దాని మీద ఇంకో సగం పిడికిలి."

"ఆఁ. ఏదో ఉంది. ఎర్రగా."

"అది జ్యేష్ఠ. నిన్న మొన్నటిదాకా కుజుడు."

"ఆ పెసిడెంటుగారికి సెప్పు పాపం."

చార్టు ఆవిడ ఛాతీ ముందు పట్టుకుని, దక్షిణం, నైరుతి అన్న అక్షరాలు కిందికి వచ్చేలా తిప్పాను. జ్యేష్ఠ నుంచి తేలు ఒళ్ళు ఎడమకి, కిందికి దిగి, సముద్రానికి దగ్గరగా వంగి, మళ్ళీ పైకి లేస్తుంది. ఆ దారిలో పోదామనుకున్నాం. రెండో నక్షత్రం దగ్గర ఆవిడ గొట్టంలోంచి అది జారిపోయింది. మూడోది ఆవిడ కంటికి మరీ చిన్నది. ఒకసారి దొరికిందని సంబరపడింది, తీరా చూస్తే అది ఒక ఓడ దీపం. అప్ప కన్ను తుడుచుకుంది. నీరు కారుతోంది.

"పోనీలేవే. ఇంత దూరం వచ్చినందుకు ఆ ఎర్రది కనబడ్డమే నయం."

"ఊరుకో" అన్నాను. గట్టిగానే అన్నాను. కోపం ఆవిడ మీద కాదు, ఆ సంబంధాలవాళ్ళ మీద, ఆ కబుర్ల మీద, ఇప్పుడు ఆ కన్ను మీద. "నడిచి పోవడం మానేద్దాం. దూకుదాం. చార్టులో కొలుస్తాను ఆగు."

చార్టులో జ్యేష్ఠ నుంచి తోక చివరికి ఎంత దూరమో, అంచుల మధ్య ఉన్న డిగ్రీలతో పోల్చి చూశాను. ఎడమకి రెండు పిడికిళ్ళకి కొంచెం తక్కువ, నిటారుగా కాదు, అర పిడికిలి పైకి. ఆవిడ కన్ను జ్యేష్ఠ మీద నిలబెట్టించాను. వెనక నుంచి నా చెంప ఆవిడ చెంపకి ఆనించి, నా చెయ్యి ఆవిడ చూపు వెంట చాచి, పిడికిలి పెట్టి, పక్కన ఇంకో పిడికిలి పెట్టి, నెమ్మదిగా పైకి జరిపి వేలు నిలబెట్టాను. తల కదపకుండా నా వేలి చివర్నే చూడమన్నాను. తర్వాత వేలు తీసేశాను.

నాకు ఆవిడ ఊపిరి వినబడుతోంది.

"ఉంది" అంది. "తెల్లగా ఉంది. సిన్నదేం కాదు."

"అదే మూల."

"ఇదేనా?" అంది. ఇంకాసేపు చూసింది. "పక్కన ఇంకోటుంది కదే. ఆనుకునే ఉంది. కొంచెం సన్నంగా."

నిజమే. తోక కొసన రెండు నక్షత్రాలు పక్కపక్కనే ఉంటాయి. మూల అనగానే నేను పెద్దదాన్నే చూశాను, రెండోదాని గురించి ఆవిడకి చెప్పాలని కూడా తోచలేదు. గొట్టంలోంచి చూసే మనిషి కాబట్టి రెండూ ఆవిడ చూపులో సరిగ్గా పట్టాయి.

"దాని పేరేటి?"

"పంచాంగంలో దానికి విడిగా పేరు లేదప్పా."

అప్ప ఆ రెంటినీ చూస్తూనే ఉంది. నేను చార్టు మడతపెట్టబోతున్నాను.

"ఆ పేరు లేనిది అదురుట్టమంతురాలు" అంది.

ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆవిడ మాత్రం ఏడవలేదు, కదిలితే నక్షత్రం జారిపోతుందని ఊరుకోమంది.